నేను తూచి కొన్న చార్జరు

కరెంటుకు నేనంటే భయం. గొప్పకు చెప్పడం లేదు. నలభై రెండేళ్ళు మోటార్లకు తీగ చుట్టాను. ఒక్కసారి కూడా అది నన్ను ముట్టుకునే సాహసం చేయలేదు. నేను చుట్టిన మోటారు ఒకటి, కరెంటు పోయాక కూడా నా మీది మొహమాటంతో అరగంట తిరిగేది. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళు ఓ టీ తాగి రండి, నేనెక్కడికీ పోను.

అంతటి మొనగాణ్ణి, ఒక టైలరును చూసి కుళ్ళిపోయాను.

ఆ టైలరు మా వియ్యంకుడు. మా అమ్మాయిని ఆయన కొడుక్కే ఇచ్చాం. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు సరుకు లారీ తోలుతాడు, వారానికి ఒక్క రోజు ఇంట్లో కనిపిస్తే గొప్ప. వాళ్ళకు మూడేళ్ళ కూతురు. దానికి మేం పెట్టుకున్న పేరు పిడుగు. అమ్మాయి డ్యూటీకి వెళ్ళే ఆరు రోజుల్లో సోమ, మంగళ, బుధవారాలు పిడుగు మా ఇంట్లో ఉంటుంది. గురు, శుక్ర, శనివారాలు వియ్యంకుడి ఇంట్లో. అన్నదమ్ములు పొలం పంచుకున్నా అంత సమంగా పంచుకోరు. రోజులైతే పంచుకున్నాం గానీ పిల్ల మనసును ఎవడు పంచగలడు?

నేను మోటారు తాతను, ఆయన టైలరు తాత. ఒకప్పుడు మోటారు తాతదే పైచేయి. నా కథలకు పిడుగు నోరు తెరుచుకుని కూర్చునేది. తర్వాత దాని మూడో పుట్టినరోజుకు ఆ మహానుభావుడు ట్యాబ్ కొని తెచ్చాడు. బొమ్మల కథలూ పాటలూ చూడటానికట. రోజుకు అరగంట కంటే చూపించకూడదని అమ్మాయి షరతు పెట్టింది. ఆయన దానికి మెత్తటి గుడ్డ తొడుగు కుట్టాడు. తొడుగు మీద ఏనుగు. ఆ ఏనుగు తొండం కనిపించినప్పుడల్లా నేను ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి.

ఆ తర్వాత ప్రతి సోమవారం పిడుగు మా గుమ్మంలోకి టైలరు తాతను వెంటేసుకునే వచ్చేది. మనిషి రాడు, మాట వస్తుంది. "టైలరు తాత అయితే పాట రెండుసార్లు పెడతాడు." "టైలరు తాత అయితే మీసం గుచ్చుకోదు." ఒక రోజు ట్యాబ్ మధ్యలో ఆరిపోయింది. పిడుగు నల్లబడ్డ తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "టైలరు తాత ఇంట్లో ఎప్పుడూ ఆరిపోదు" అంది.

ఎలా ఆరిపోతుంది? చార్జరు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. మా ఇంటికి ట్యాబ్ ఒక్కటే సంచిలో వచ్చేది. మా ఆవిడ మంచిమాటే చెప్పింది.

"అమ్మాయినడిగితే ఆ చార్జరు కూడా పంపిస్తుందిగా."

"ఆయన చార్జరుతో నా ఇంట్లో వెలుగు పెట్టుకోవాలా?"

"వెలుగు కాదండీ, ట్యాబ్. కడుపుమంటతో చార్జింగ్ ఎక్కుతుందంటే మీరొక్కరే చాలు, ఊరంతటికీ ఎక్కించచ్చు."

నేను చొక్కా తగిలించుకుని బజారుకు వెళ్ళాను.

పెద్ద దుకాణంలో అమ్మాయిలు బిల్లులూ గ్యారంటీలూ అంటూ నా బుర్ర తింటారని, రోడ్డు పక్క బండి దగ్గర ఆగాను. బండివాడు రెండు చార్జర్లు చూపించాడు. పెట్టెలు రెండూ నిగనిగలాడుతున్నాయి. అక్షరాలు నలుసుల్లా ఉన్నాయి, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను. అయినా నాకు అక్షరాలతో పనేముంది? మా వృత్తిలో సరుకు మంచిదా కాదా అన్నది చేతిలో తూచే చెబుతాం. మోటారు చేతికి తేలిగ్గా తగిలిందంటే ఎవడో రాగి తినేశాడన్నమాట. నాణ్యమంటే బరువు, బరువంటే రాగి. రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తూచాను. ఒకటి దూదిలా ఉంది. ఇంకొకటి చేతిలో కుదురుగా, గుండ్రాయిలా కూర్చుంది.

"ఇదీ చార్జరంటే" అన్నాను.

"మీలాంటి తెలిసినవాళ్ళు రోజుకొకరొచ్చినా చాలండి" అన్నాడు బండివాడు. ఆ మాటకు అప్పుడు పొంగిపోయాను.

దానికి తోడు మూడు మీటర్ల వైరు కూడా కొన్నాను. మా ముందు గదిలో ప్లగ్గు మోకాలి ఎత్తున ఒక గోడకుంది, నా కుర్చీ ఎదుటి గోడ దగ్గరుంది. వైరు గది దాటి వస్తే పిడుగు నా ఒళ్ళోనే కూర్చుని చూసుకోవచ్చు. ట్యాబ్ ఆరదు, పిల్ల దిగదు. టైలరు కుట్టిన ఏనుగు నా మోకాలి మీద బోర్లా పడుకుంటుంది. ఇదీ నా పథకం.

పథకం బ్రహ్మాండంగా పారింది. ఆ సోమవారం నా ఒళ్ళో గంటన్నర కూర్చుంది. మంగళవారం రెండు గంటలు. అరగంట షరతును నేనూ మరిచిపోయాను, పిడుగుకు గుర్తుచేసే అవసరం ఎవరికుంది? అది దిగి ఆడుకోవడానికి వెళ్ళినా వైరు అలాగే నేల మీద పాములా పడుండేది, ఓ కొస గోడలో, రెండో కొస ఎక్కడుంటే అక్కడ. మా ఆవిడ చీపురుతో దాన్ని పక్కకు నెడుతూ సణిగేది.

"పిల్ల తిరిగే చోట ఈ తాడేమిటండీ? కాలికి తగిలితే ట్యాబొచ్చి నెత్తిన పడుతుంది. పని లేనప్పుడు తీసి పైన పెట్టొచ్చుగా."

"అది తాడు కాదు, అయిదు వోల్టులు. చీమను కూడా కుట్టదు."

ఆ మాట అన్నానే గానీ, అప్పటికే ఒక సంగతి నా ఒంటికి తెలుసు. మంగళవారం చార్జరు వేడెక్కిందేమోనని చూశాను. ఎండన పెట్టిన గిన్నెలా కాలుతోంది. ఆ తర్వాత వైరు కొసనున్న ఇనుప మూతికి మునివేళ్ళ వెనకవైపు ఆనించాను. మా పనిలో అనుమానం వస్తే ముందు అలా చూడటం అలవాటు. చీమ పాకినట్టు జివ్వుమంది. అయిదు వోల్టులు అలా పాకవు. నలభై రెండేళ్ళ వేళ్ళు అబద్ధం చెప్పవు. అయినా నేను ఆ వేళ్ళను జేబులో పెట్టుకుని, వాటి నోరు మూయించాను. పిల్ల ఇప్పుడిప్పుడే నా ఒళ్ళోకి అలవాటుపడుతోంది మరి. మర్నాడు బుధవారం, నా ఆఖరి రోజు. ఆ తర్వాత మూడు రోజులు టైలరువి.

బుధవారం భోజనాలయ్యాక నేను చొక్కా విప్పి కుర్చీలో వాలాను. ఎండకు ఒళ్ళంతా చెమట. పిడుగుకు ట్యాబ్ విసుగు పుట్టింది. వైరు లాగేసి, దాన్ని ఓ చుట్టు మెడకు చుట్టుకుంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో మెడలో వేసుకునే గొట్టం అనుకోవాలన్నమాట. ఒక కొస గోడలో, ప్లగ్గు వేసే ఉంది. రెండో కొస పిడుగు పిడికిట్లో.

"మోటారు తాతా, ఊపిరి తీసుకో" అంది.

తీసుకున్నాను. దాని ముఖంలో అంత పెద్దరికం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో నేను లోకంలో ఏ టైలరునూ లెక్కచేయలేదు. అది ఆ కొసను తెచ్చి నా గుండె మీద ఆనించింది.

జివ్వుమంది. వేలి మీద పాకిన చీమ కాదు, ఈసారి చెమట మీద కందిరీగ.

"గుండె బాగుంది" అంది డాక్టరమ్మ. "జ్వరం చూడాలి. నోరు తెరు."

"నాకు జ్వరం లేదమ్మా. ఇటివ్వు దాన్ని."

"అయితే నాకు చూసుకుంటా" అని కొసను తన నోటి వైపు తిప్పింది. అలా తిప్పుతూ కుర్చీ పక్కకు, ప్లగ్గుకు ఇంకా దూరంగా రెండడుగులు వేసింది, మెడ చుట్టూ ఉన్న చుట్టు బిగుసుకుంది.

నేను కుర్చీలోంచి ఎలా లేచానో నాకు తెలియదు. వైరు కొసను పిడికిట బిగించి, రెండో చేత్తో పిల్లను ప్లగ్గున్న వైపుకు జరిపాను, చుట్టు వదులవ్వాలని. "స్విచ్ కట్టెయ్" అని అరిచాను. మా ఆవిడ వంటగదిలోంచి ఎలా వచ్చిందో గానీ, వచ్చి ముందు స్విచ్ నొక్కింది. అప్పుడు మెడ నుంచి వైరు తీశాను. మెడ మీద ఓ సన్నటి ఎర్రటి గీత, అంతే. నోట్లోకి పోలేదు. పిల్లకు ఏమీ కాలేదు.

పిల్లకు అర్థమైంది ఒక్కటే: తాత అరిచాడు, ఆట లాక్కున్నాడు. పెదవి వంకర తిప్పి, ఏడుపు మొదలుపెట్టి, ఏడుపు మధ్యలో అంది: "టైలరు తాత దగ్గరికి పోతా."

కందిరీగకంటే అది గట్టిగా కుట్టింది.

మా ఆవిడ పిల్లను భుజాన వేసుకుని నిద్రపుచ్చుతుంటే, నేను చార్జరూ వైరూ సంచిలో వేసుకుని వీధి చివర ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నా మనసులో మాట చెబుతున్నాను: తప్పు బండివాడిదనో, వైరుదనో ఆ అమ్మాయి చెబితే, ఆ మాట పట్టుకుని ఇంట్లో గట్టెక్కుదామని వెళ్ళాను.

ఆ అమ్మాయి చార్జరును చేతిలోకి తీసుకుని, నాలాగే తూచింది. తర్వాత నవ్వింది.

"తాతగారూ, బరువు చూసి కొన్నారా?"

"నీకెలా తెలుసు?"

"బరువు చూసి కొనేవాళ్ళ కోసమే దీన్ని తయారుచేస్తారు." అని స్క్రూడ్రైవరుతో అతుకు విప్పింది. "ఇంట్లో మాత్రం మీరిలా విప్పకండి."

నన్ను, మోటార్లు విప్పిన చేతులవాణ్ణి, విప్పొద్దంది. సర్లే అని ఊరుకున్నాను.

లోపల అర వేలంత పచ్చటి బోర్డు. దాని పక్కన జిగురుతో అతికించిన ఇనుప ముక్క. దానికి ఏ తీగా రాదు, ఏ తీగా పోదు. ఊరికే కూర్చుని బరువు తూగడమే దాని ఉద్యోగం.

"ఇప్పటి చార్జర్లలో మీ కాలంలోలాగా పెద్ద రాగి చుట్టలుండవు" అంది. "మంచిదే తేలిగ్గా ఉండొచ్చు. ఇది చూడండి. ఇటు గోడ కరెంటు, అటు ట్యాబ్‌కు పోయే కరెంటు. రెంటి మధ్యా ఎంత ఎడముందో చూడండి."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. గోరంత మందం కూడా లేదు. కాగితం ముక్క కూడా అడ్డం లేదు.

"మంచిదానిలో ఈ ఎడం అయిదారు మిల్లీమీటర్లు ఉంచుతారు. మధ్యలో బోర్డును కోసి గాడి కూడా పెడతారు. మంచి చార్జరుకు కూడా లోహపు భాగం ఒక్కోసారి కాస్త జివ్వుమనొచ్చు, అది వేరు. ఇదైతే లోపల ఒక్క భాగం కాలిందా, గోడ కరెంటు తిన్నగా వైరు కొసదాకా వచ్చేస్తుంది."

మోటారులో ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య కరెంటును ఆపే కాగితం పెట్టకుండా నేను ఒక్క చుట్టు చుట్టి ఎరగను. తొందరపెట్టిన షావుకార్లను కాగితానికి పూసిన వార్నిష్ ఆరేదాకా బయట నిలబెట్టాను. అలాంటివాణ్ణి, కాగితం లేని సరుకును నా చేత్తో తెచ్చి, మనవరాలి మెడకు తగిలించాను.

"మరి ఎలా చూసి కొనాలమ్మా?" అన్నాను.

"ట్యాబ్ కంపెనీది, లేకపోతే పేరున్న కంపెనీది, బిల్లిచ్చే దుకాణంలో. పెట్టె మీద కాదు, చార్జరు ఒంటి మీదే చూడాలి. తయారుచేసినవాళ్ళ పేరు, మోడలు, ఎన్ని వోల్టులు తీసుకుంటుంది, ఎన్ని ఇస్తుంది, భద్రతా పరీక్ష గుర్తు, దాని కింద నంబరు. గుర్తు ఎవడైనా అచ్చేసుకుంటాడు. ఆ నంబరును గుర్తు ఇచ్చినవాళ్ళ సైటులో వెతికితే అదే కంపెనీ పేరు రావాలి. ఇచ్చే కరెంటు ట్యాబ్ అడిగిన దానికి సరిపోవాలి. ఆంపియర్లు కాస్త ఎక్కువున్నా పరవాలేదు, ట్యాబ్ దానికి కావలసినంతే తాగుతుంది. వైరు ఒక మీటరు చాలు. ఇంకో మాట, ఎంత మంచిదైనా పిల్ల చేతిలో ఉండగా చార్జింగ్ పెట్టకండి."

"పిల్ల ఒళ్ళోంచి దిగిపోతుంది కదమ్మా."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, ఏమనుకుందో ఏమో, ఒక మంచి చార్జరూ మీటరు వైరూ బిల్లుతో సహా చేతిలో పెట్టింది.

సాయంత్రం అమ్మాయి డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పకముందే పిడుగు ఎదురెళ్ళి ఫిర్యాదు చేసింది. "మోటారు తాత నా గొట్టం లాక్కున్నాడు."

"ఎందుకు నాన్నా?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఆవిడ చెప్పదని నాకు తెలుసు. పిల్ల అల్లరి చేసిందని ఒక్క ముక్క అంటే సరిపోతుంది, సోమవారం మళ్ళీ పిల్ల వస్తుంది. నిజం చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. అమ్మాయి పిల్లను బట్టలు మార్చడానికి ఒళ్ళోకి తీసుకుంది. మెడ మీద గీత అప్పటికి వెలిసిపోయింది. నర్సు కన్నుకు కూడా అందలేదు. సాక్ష్యం కూడా లేదిక.

"నకిలీ చార్జరు కొన్నానమ్మా" అన్నాను. "నిన్ననే వేళ్ళకు తెలిసింది. చెప్పలేదు."

మొత్తం చెప్పాను. అమ్మాయి గట్టిగా అరిచినా బాగుండేది. ఆసుపత్రిలో రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో అడిగింది.

"నిన్న తెలిస్తే నిన్ననే ఎందుకు తీయలేదు?"

"తీస్తే ఒళ్ళోంచి దిగిపోతుంది."

"దిగితే?"

"ఆయన దగ్గర ఎప్పుడూ ఆరిపోదటమ్మా."

అమ్మాయి పిల్లకు గౌను తొడిగింది. "కరెంటుకు నువ్వంటే భయమని చిన్నప్పట్నుంచీ చెప్పేవాడివి."

"మూడుసార్లు కొట్టింది" అన్నాను. ఒప్పుకోవడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. "మూడోసారి నిచ్చెన మీంచి ఎగిరి, మోటారుగల ఇంటావిడ బట్టలు నానబెట్టిన తొట్టిలో పడ్డాను. ఆవిడ నన్ను కూడా ఉతికినంత పని చేసింది."

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటగదిలోకి వెళ్ళింది. అమ్మాయి నవ్వలేదు. "వచ్చే వారం ఆరు రోజులూ మామయ్యగారింట్లోనే. నువ్వు ఇల్లు సర్దు. నేనొచ్చి చూశాకే సోమవారాల సంగతి."

ఆరు రోజులూ. టైలరుకు. ఆయనకు నేనే కుట్టించి ఇచ్చినట్టయింది.

అంతటితో అయిందా? ఆదివారం ఉదయం మెడలో టేపు వేసుకుని, పిడుగును చెయ్యి పట్టుకుని ఆ టైలరే మా ఇంటికి దిగాడు.

"బావగారూ, కోడలు పంపించింది. కొలతలు తీసుకోమంది."

"ఎవరికండీ? నాకు కోటు కుడుతున్నారా?"

"మీ ఇంటికి" అన్నాడు, చిరునవ్వు కూడా లేకుండా.

పిడుగును గోడకు నిలబెట్టి, మునివేళ్ళ మీద లేచి చేతులెత్తమన్నాడు. అక్కడ సుద్దముక్కతో గీత. తర్వాత స్టూలు మీద నిలబెట్టి ఇంకో గీత. తర్వాత మంచం అంచు, కుర్చీ చేయి, అది ఎక్కగలిగిన ప్రతిదాని మీదనుంచి ఒక్కో గీత. మా గోడ బడిపిల్లల పలకలా తయారైంది.

"అన్నిటికంటే పై గీతకు ఒక జానెడు కలపండి. కుట్టేటప్పుడు పెరుగుదలకు గుడ్డ వదులుతాం కదా."

తెలివైనవాడే. అదే నా బాధ. అయితే ఒక్కచోట దొరికిపోయాడు. ప్లగ్గులో ఉండగానే చార్జరును కూడా దాచడానికి మూత ఉన్న గుడ్డసంచి కుట్టుకొచ్చాడు.

"బావగారూ, పనిచేసే చార్జరుకు చొక్కా తొడగకూడదు" అన్నాను, ఎంతో ఇష్టంగా. "వేడి బయటికి పోవాలి. ప్లగ్గులోంచి తీశాక వైరు చుట్టిపెట్టడానికైతే మీ సంచి పనికొస్తుంది."

"ఆ మాట నాకు తోచలేదు సుమండీ."

ఆ వాక్యాన్ని రెండు రోజులు నెమరేశాను.

మిగతా పని నా చేతులది. ఆ పై గీతకు ఒక జానెడు ఎగువన గోడకు తలుపుల్లేని అర బిగించాను. మోకాలి ఎత్తునున్న ప్లగ్గులన్నిటికీ మూతలు పెట్టాను. అర పక్కనే కొత్త ప్లగ్గు వేశాను, వైరు ఒక్క బెత్తెడు కూడా కిందికి వేలాడకుండా. ట్యాబ్ అక్కడే, పిల్ల నిద్రపోయినప్పుడే చార్జింగ్. నిండగానే చార్జరు గోడలోంచి తీసి, వైరు సంచిలోకి.

ఆ వారంలో ఒక రోజు వియ్యంకుడి ఇల్లు ఎలా ఉందో చూసొద్దామని వెళ్ళాను. నేర్చుకోవడానికేనని అందరితో చెప్పాను. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు చల్లబడ్డాయి: మంచం కోళ్ళ పక్కన ఆయన ఫోను వైరు, ఎలుక తోకలా నేలదాకా వేలాడుతోంది. "బావగారూ, దీన్ని కొలిచారా?" అంటే ఆయన ముఖం గుడ్డ తప్పు కోసినవాడి ముఖంలా అయిపోయింది.

తర్వాతి ఆదివారం అమ్మాయి తనిఖీకి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, పిడుగంత ఎత్తులో, గదులన్నీ పాకుతూ చూసింది. మంచం కింద చూసింది, దిళ్ళు ఎత్తి చూసింది, మిక్సీ తీగ కూడా లాగి చూసింది. నా గుండె ఆ డాక్టరమ్మ వినాల్సినంత గట్టిగా కొట్టుకుంది. ఆఖరికి అర కింద నిలబడి చెయ్యెత్తింది. తనకే అందీ అందనట్టుంది.

"సోమవారం తీసుకొస్తా" అంది. "అరగంటే. ఒళ్ళో కూర్చుంటే కథ చెప్పు, చార్జింగ్ పెట్టకు."

సోమవారం పిడుగు వచ్చింది. నేరుగా వచ్చి నా ఒళ్ళో ఎక్కి, ఇల్లంతా కలయజూసి, "టైలరు తాత ఏడీ?" అంది. కథ మొదలుపెట్టాను. సగం కథ విని, అంటే నా లెక్కలో పూర్తి విజయం, ట్యాబ్ అడగకుండానే నిద్రపోయింది.

ఇక మీకో మాట చెప్పి లేస్తాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. బట్టల తొట్టి నిజం, ఇనుప ముక్క నిజం. వియ్యంకుడి మంచం పక్కన వేలాడిన వైరే లేదు. ఇల్లంతా వెతికాను, వంగి కూడా చూశాను. ఆయన ఇంట్లో ఒక్క వైరూ దొరకలేదు.